ఫొటోలో ఉన్నది లెన్స్ సొల్యూషనా, సెలైనా, కంటి చుక్కలా? తరచుగా అడిగే ప్రశ్నలు

కాంటాక్ట్ లెన్సులు కొత్తగా మొదలుపెట్టినవాళ్లు మాకు పంపే ఫొటోలు చాలావరకు ఒకేలా ఉంటాయి. అద్దం ముందు రెండు మూడు తెల్ల సీసాలు, కింద ‘వీటిలో లెన్స్‌కి ఏది వాడాలి?’ అన్న ప్రశ్న. కొన్నిసార్లు ప్రశ్న వచ్చేసరికే వాడేసి ఉంటారు, కన్ను మండుతూ ఉంటుంది. మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలన్నీ ఇక్కడ పెట్టాం. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్నే చదువుకోవచ్చు.

## సీసా చూసి గుర్తుపట్టేటప్పుడు

ఫొటో పంపాను కదా, చూసి ఏదో చెప్పలేరా?

చాలా ఫొటోల్లో చెప్పలేం. మూడింటిలోనూ ఉండేది నీళ్లలాంటి రంగులేని ద్రవమే, మూడూ తెల్ల ప్లాస్టిక్ సీసాల్లోనే వస్తాయి. పైగా ఫొటోలో సైజు తెలియదు. దగ్గరగా తీస్తే 10 మిల్లీలీటర్ల కంటి చుక్కల సీసా, 120 మిల్లీలీటర్ల లెన్స్ సొల్యూషన్ సీసా పక్కపక్కన పెట్టిన కవలల్లా కనిపిస్తాయి. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పేరే. ఒకే కంపెనీ అదే పేరుతో, అదే నీలం లేబుల్‌తో సొల్యూషనూ, తడి చుక్కలూ, లెన్స్ శుభ్రం చేసే పెరాక్సైడూ అమ్ముతుంది.

ఫొటో పనికిరావాలంటే సీసాకో ఫొటో తీయండి. పక్కన ఒక రూపాయి బిళ్ల పెడితే సైజు తెలుస్తుంది. ముఖ్యంగా వెనకవైపు చిన్న అక్షరాలు కావాలి. ఫ్లాష్ వేస్తే లేబుల్ మీద తెల్లటి మెరుపు పడి, సరిగ్గా చదవాల్సిన చోటే చెరిగిపోతుంది కాబట్టి కిటికీ వెలుగులో తీయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అక్షరాలు అలికేసినట్టు అవుతాయి, డాక్యుమెంట్‌గా పంపితే అలా అవదు. అట్టపెట్టె పారేయకపోతే దాన్ని కూడా తీయండి. సీసా మీద చోటు లేక వదిలేసినవి దాని మీద ఉంటాయి.

వెనక లేబుల్ మీద ఏం చదవాలి? అంతా ఇంగ్లిష్‌లో చీమల బారులా ఉంది.

మొత్తం చదవక్కర్లేదు, రెండు చోట్ల చూస్తే చాలు. మొదటిది, ఏం చేయమంటోంది అన్న క్రియాపదం. ‘క్లీన్, రిన్స్, డిసిన్‌ఫెక్ట్, స్టోర్’ అని నాలుగూ ఉంటే అది మల్టీపర్పస్ సొల్యూషన్, అంటే లెన్స్‌ని రుద్ది, కడిగి, రాత్రంతా నానబెట్టేది. ‘రిన్స్’ ఒక్కటే ఉండి ‘డిసిన్‌ఫెక్ట్’ అన్న మాట లేకపోతే అది సెలైన్. ‘ఇన్‌స్టిల్’ అనో, ఇన్ని ‘డ్రాప్స్’ వేయమనో ఉంటే అది కంట్లో వేసే చుక్కల మందు.

రెండోది, లోపల ఏముందో చెప్పే వరుస. సోడియం క్లోరైడ్ 0.9 శాతం మాత్రమే ఉంటే సెలైన్. పాలీక్వాటర్నియం అనో, పాలీహెక్సనైడ్ అనో, పాలీఅమినోప్రొపైల్ బైగ్వనైడ్ అనో ఉంటే క్రిములను చంపే మందు కలిపిన లెన్స్ సొల్యూషన్. చివరి రెండూ ఒకే మందుకు రెండు పేర్లు. హైడ్రోజన్ పెరాక్సైడ్ 3 శాతం అని ఉంటే అది నేరుగా కంటికి తగలకూడనిది. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ లాంటి పేరుంటే పొడికళ్లకు వేసే తడి చుక్కలు. మాక్సీఫ్లాక్ససిన్, డెక్సామెథసోన్, టిమోలాల్ లాంటి పేర్లు ఉంటే డాక్టర్ రాయాల్సిన మందులు. మన దేశంలో అలాంటి మందుల లేబుల్ మీద నిలువుగా ఎర్రగీత, ఆర్‌ఎక్స్ గుర్తు ఉంటాయి.

‘స్టెరైల్’ అన్న మాటని పట్టించుకోకండి. అది అన్నింటి మీదా ఉంటుంది. సీసా తెరవకముందు లోపల క్రిములు లేవని దానర్థం, క్రిముల్ని చంపుతుందని కాదు.

మూత రంగును బట్టి గుర్తుపట్టొచ్చని యూట్యూబ్‌లో చూశాను. నిజమేనా?

అమెరికా కంటి డాక్టర్ల సంఘం చుక్కల మందుల మూతలకు రంగుల పద్ధతి ఒకటి సూచించింది. కంటిపాప పెద్దది చేసే చుక్కలకు ఎరుపు, స్టెరాయిడ్లకు గులాబీ, అలా. వీడియోల్లో చెప్పేది దాని గురించే. మన మెడికల్ షాపుల్లో దొరికే సీసాలన్నీ ఆ పద్ధతిలో ఉండవు. దానికి తోడు లెన్స్ శుభ్రం చేసే పెరాక్సైడ్ సీసాలకు కూడా ఎర్రమూత పెట్టే అలవాటు ఉంది, ఇది హెచ్చరికగా పెట్టేది. అంటే ఒకే ఎరుపు ఒకచోట చుక్కల మందు, ఇంకోచోట కంట్లో పడకూడని రసాయనం. మూతలు ఒకదానిది ఇంకోదానికి పెట్టేసే ఇళ్లు కూడా తక్కువేం కాదు. లెన్స్‌కి సంబంధించిన సీసాకి ఎర్రటి ముక్కు కనిపిస్తే మాత్రం పెరాక్సైడేమో అని ఆగి లేబుల్ చదవండి. అంతకుమించి రంగును నమ్మొద్దు.

మా ఇంట్లో ఫ్రిజ్ డోర్‌లో నాన్నగారి చుక్కలు, చెవి చుక్కలు, నా లెన్స్ చుక్కలు కలిసే ఉంటాయి. ఏమైనా ఇబ్బందా?

పెద్ద ఇబ్బందే. నిద్రమత్తులో చేతికి అందింది వేసేసుకుంటారు. చెవిలో గులిమి కరిగించే చుక్కల్లో టర్పెంటైన్ నూనెలాంటివి ఉండే రకాలున్నాయి. అవి కంట్లో పడితే పైపొర కాలినట్టు అవుతుంది. గ్లకోమాకి వాడే టిమోలాల్ చుక్క ఉబ్బసం ఉన్నవాళ్లకి ఊపిరి ఆడకుండా చేయగలదు, ఎందుకంటే కంట్లో వేసిన చుక్కలో కొంత భాగం ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టాలని లేబుల్ మీద రాసినవే అక్కడ పెట్టి, లెన్స్ సామాను మొత్తం వేరే డబ్బాలో, వేరే గదిలో పెట్టండి.

## కొనేటప్పుడు

మెడికల్ షాపులో ‘లెన్స్ నీళ్లు’ అడిగితే సెలైన్ ఇచ్చారు. రెండూ ఒకటే అన్నారు. ఒకటేనా?

కాదు. సెలైన్ అంటే ఉప్పునీళ్లు. వంద మిల్లీలీటర్లలో 0.9 గ్రాముల ఉప్పు. కన్నీళ్ల ఉప్పదనానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి కంట్లో పడినా మండదు. ఈ మండకపోవడమే జనాన్ని మోసం చేస్తుంది. హాయిగా ఉంది కాబట్టి మంచిదే అనుకుంటారు. కానీ అందులో క్రిముల్ని చంపేది ఏదీ లేదు.

మల్టీపర్పస్ సొల్యూషన్‌లో కూడా ఉప్పునీళ్లే ఆధారం. దానికి క్రిమిసంహారక మందు ఒకటో రెండో, లెన్స్ మీద జిడ్డును, కన్నీటి ప్రోటీన్‌ను వదిలించే సబ్బులాంటి పదార్థం, పులుపు-క్షారం సమంగా ఉంచే బఫర్ కలుపుతారు. పాలీహెక్సనైడ్ ఉన్న సొల్యూషన్లలో ఆ మందు మోతాదు సాధారణంగా 0.0001 శాతం, అంటే పది లక్షల పాళ్లలో ఒక పాలు. ఆ కాస్తా కంటికి పెద్దగా తెలియదు గానీ, లెన్స్ మీదున్న బ్యాక్టీరియాని నాలుగు నుంచి ఆరు గంటల్లో అణచగలదు. ఎన్ని గంటలన్నది మీ సీసా మీదే రాసి ఉంటుంది. సెలైన్‌కీ దీనికీ ఉన్న ధర తేడా అంతా ఆ ఒక్క పాలు కోసమే అనుకోండి.

షాపులో ‘లెన్స్ నీళ్లు’ అని అడగకుండా ‘మల్టీపర్పస్ సొల్యూషన్’ అని అడగండి. లెన్స్ ఇచ్చినచోట చెప్పిన పేరును కాగితం మీద రాసుకుని వెళ్తే ఇంకా మంచిది.

పెరాక్సైడ్ సొల్యూషన్ బాగా శుభ్రం చేస్తుందంటారు. మరి ప్రమాదం అంటారేంటి?

రెండూ నిజమే. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ బ్యాక్టీరియానీ, ఫంగస్‌నీ గట్టిగా చంపుతుంది. సొల్యూషన్ పాడవకుండా కలిపే ప్రిజర్వేటివ్‌లు పడని కళ్లకి మేమే ఇది సూచిస్తుంటాం. షరతు ఏమిటంటే అది కంట్లోకి వెళ్లేలోపు నీళ్లుగా మారిపోవాలి.

ఆ పని చేసేది దాంతోపాటు వచ్చే నిలువు డబ్బీ. దాని అడుగున ప్లాటినం పూత పూసిన చిన్న చక్రం ఉంటుంది. పెరాక్సైడ్ దాన్ని తాకగానే బుడగలు వస్తాయి, అంటే ఆక్సిజన్ బయటికి పోతూ నీళ్లు మిగులుతున్నాయన్నమాట. మొదట్లో జోరుగా, తర్వాత నెమ్మదిగా సాగి, పూర్తవడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. ఆ గ్యాస్ పోవడానికే ఆ డబ్బీ మూతకి సన్నటి రంధ్రం ఉంటుంది. అందుకే దాన్ని నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే కారిపోతుంది.

మామూలు రెండు గుంటల డబ్బీలో ఇదే పోస్తే చక్రం లేదు కాబట్టి తెల్లారేదాకా పెరాక్సైడ్ పెరాక్సైడ్‌గానే ఉంటుంది. ఆ లెన్స్ పెట్టుకుంటే కన్ను భగ్గుమంటుంది. తొందరలో రెండు గంటలకే తీసి పెట్టుకున్నా అంతే. చక్రం కూడా కలకాలం పనిచేయదు. కొత్త సీసా కొన్నప్పుడల్లా దాంతో వచ్చే కొత్త డబ్బీకి మారి, పాతది పారేయాలి.

ఇంట్లో పుండ్లు కడగడానికి పెట్టుకున్న పెరాక్సైడ్ సీసా కూడా లెన్స్‌కి పనికొస్తుందా అని అడిగినవాళ్లున్నారు. రాదు. అందులో లెన్స్‌కి పడని స్థిరీకరణ పదార్థాలుంటాయి, బఫర్ ఉండదు.

హాస్పిటల్‌లో ఎక్కించే ఎన్‌ఎస్, అంటే నార్మల్ సెలైన్ బాటిల్ చవక కదా, లెన్స్ కడగడానికి అదే తెచ్చుకుంటే?

మూత తీసిన క్షణంలో అది శుభ్రంగానే ఉంటుంది. ఒక్కసారి వాడి మిగిలింది పారబోస్తే, కడగడం వరకు ఫర్వాలేదు. కానీ 500 మిల్లీలీటర్ల బాటిల్‌ని ఎవరూ ఒక్కసారి వాడి పారబోయరు. సూదితో పొడిచి, పక్కన పెట్టి, వారం రోజులు పిండుకుంటారు. అందులో ప్రిజర్వేటివ్ ఉండదు కాబట్టి రంధ్రంలోంచి లోపలికి వెళ్లిన క్రిమి హాయిగా పెరుగుతుంది. సూడోమొనాస్ అనే బ్యాక్టీరియాకి పెద్దగా తిండి కూడా అక్కర్లేదు, తడి ఉంటే చాలు. నీళ్లు తేటగానే కనిపిస్తాయి, వాసన రాదు.

ముక్కులో వేసే సెలైన్ చుక్కలు ఇంకో రకం. పిల్లల కోసం చేసే కొన్నింట్లో ఉప్పు 0.65 శాతమే ఉంటుంది, కొన్నింట్లో లెన్స్‌కి పడని ప్రిజర్వేటివ్ ఉంటుంది. లేబుల్ మీద ‘సెలైన్’ అన్న మాట కనిపించినంత మాత్రాన అవి లెన్స్‌కి పనికిరావు.

## రాత్రి నానబెట్టేటప్పుడు

సొల్యూషన్ అయిపోయింది, ఒక్క రాత్రికి సెలైన్‌లో పెట్టాను. ఏమవుతుంది?

ఒక ఫొటోని ఉదాహరణగా తీసుకుందాం. హాస్టల్ టేబుల్ మీద ఖాళీ 120 మిల్లీలీటర్ల సొల్యూషన్ సీసా, పక్కన సగం అయిన 100 మిల్లీలీటర్ల ఎన్‌ఎస్ బాటిల్, ముందు తెరిచిన డబ్బీ. నెలవారీ సాఫ్ట్ లెన్సులు. జరిగింది ఇలా అనుకోండి: ఆ గదిలో ఉండే అమ్మాయి రాత్రి పదకొండింటికి లెన్సులు తీసింది, సొల్యూషన్ లేదని డబ్బీలో ఎన్‌ఎస్ పోసింది, పొద్దున్న ఏడింటికి పెట్టుకుంది. బానే ఉంది. బానే ఉంది కాబట్టి మర్నాడూ అదే చేసింది, ఆ పై రాత్రీ అదే.

లెన్స్ తీసినప్పుడు దాని మీద ఆ రోజు కన్నీటి ప్రోటీన్, వేళ్ల నుంచి వచ్చిన బ్యాక్టీరియా ఉంటాయి. మల్టీపర్పస్ సొల్యూషన్ అయితే ఎనిమిది గంటల్లో వాటిని చాలావరకు చంపేది. ఉప్పునీళ్లలో అవి చావవు, డబ్బీ గోడలకి పట్టుకుని జిగురు పొర కడతాయి. పొద్దున్న లెన్స్‌తోపాటు అవి నల్లగుడ్డు మీదికి చేరి రోజంతా అక్కడే ఉంటాయి. మామూలుగా రెప్ప కొట్టినప్పుడల్లా కన్నీళ్లు క్రిముల్ని కడిగేస్తాయి. సాఫ్ట్ లెన్స్ కింద మాత్రం కన్నీరు చాలా కొద్దిగానే మారుతుంది. పైగా లెన్స్ రాపిడికి, నల్లగుడ్డు మీద పారదర్శకంగా ఉండే కార్నియా పైపొర మీద కంటికి కనబడని గీతలుంటాయి, అవే తలుపులు.

ఈ అమ్మాయికి నాలుగో రోజు ఎడమకన్నులో ఇసుక పడ్డట్టు గరగర, సాయంత్రానికి లైటు చూడలేకపోవడం మొదలైతే అది ఇన్ఫెక్షనే అని అనుమానించాలి. సూడోమొనాస్ అయితే ఒకట్రెండు రోజుల్లోనే కార్నియాని తినేయగలదు.

ఒక్క రాత్రే అలా జరిగి ఇంకా లెన్స్ పెట్టుకోకపోతే తేలికే. డైలీ, నెలవారీ ఏదైనా సరే ఆ జత పారేయండి. పారేయలేనంత ఖరీదైనదైతే కొత్త డబ్బీలో కొత్త సొల్యూషన్ పోసి, లెన్స్ రుద్ది, కడిగి, లేబుల్ మీద చెప్పినన్ని గంటలు నానబెట్టాకే వాడండి. అంతదాకా కళ్లజోడు.

సొల్యూషన్ కొంచెమే మిగిలింది, సెలైన్ కలిపి నింపేస్తే?

క్రిమిసంహారక మందు ముందే పది లక్షల పాళ్లలో ఒక పాలు. సగానికి సగం సెలైన్ కలిపితే అది అర పాలు అవుతుంది. కంపెనీ పరీక్షించింది ఆ ఒక పాలునే, అర పాలు ఏమాత్రం పనిచేస్తుందో ఎవరూ హామీ ఇవ్వరు. కంటికి తేడా తెలియదు, లెన్స్ మీది క్రిమికి తెలుస్తుంది.

నిన్నటి సొల్యూషన్ పారబోయకుండా పైన నాలుగు చుక్కలు పోయడం కూడా ఇలాంటిదే. నిన్నటి మందు నిన్నటి క్రిముల మీదే చాలావరకు ఖర్చయిపోయింది. అమెరికాలో అకాంతమీబా అనే ఏకకణ జీవి వల్ల వచ్చే కంటి ఇన్ఫెక్షన్లు పెరగడంతో 2007లో ఒక సొల్యూషన్‌ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. అప్పుడు జరిగిన విచారణలో ఇలా పాతదాని మీద కొత్తది పోసే అలవాటు కూడా ప్రమాదాన్ని పెంచే కారణంగా తేలింది. ప్రతి రాత్రీ డబ్బీ ఖాళీ చేసి, సొల్యూషన్‌తోనే కడిగి, కొత్తది నింపాలి.

ఉప్పు వేసి కాచి చల్లార్చిన నీళ్లతో ఇంట్లోనే సెలైన్ చేసుకోవచ్చా?

వద్దు. ఈ ప్రయోగం ప్రపంచం ఇదివరకే చేసి చూసింది. 1980లలో అమెరికాలో చాలామంది లెన్స్ వాడకందార్లు ఉప్పు మాత్రలు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి సెలైన్ చేసుకునేవారు. అంతకుముందు అరుదుగా కనిపించే అకాంతమీబా కార్నియా ఇన్ఫెక్షన్ హఠాత్తుగా పెరిగింది. కారణాలు వెతికితే ఆ ఇంటి సెలైన్ బయటపడింది. అకాంతమీబా నీళ్లలో, మట్టిలో, కుళాయిలో ఉండే ఏకకణ జీవి. పరిస్థితి బాగోకపోతే గట్టి పెంకు కట్టుకుని నిద్రపోతుంది, ఆ దశలో దాన్ని చంపడం చాలా కష్టం. నొప్పి కంటికి కనిపించే ఎరుపుకి ఎంతో మించి ఉంటుంది. మొదట్లో హెర్పిస్ అనుకుని పొరబడటం మామూలే. వైద్యం నెలల తరబడి సాగుతుంది.

మీరు కాచినా, చల్లార్చేటప్పుడు, వడపోసేటప్పుడు, సీసాలో పోసేటప్పుడు అది మళ్లీ చేరే అవకాశం ఉంది. డబ్బీని కుళాయి కింద కడగకూడదని చెప్పేది కూడా ఇందుకే.

## కంట్లో పెట్టుకునేటప్పుడు

లెన్స్ ఉండగా కళ్లు పొడిబారితే ఏ చుక్కలైనా వేసుకోవచ్చా?

లేబుల్ మీద ‘కాంటాక్ట్ లెన్స్ ఉండగా వాడొచ్చు’ అన్న అర్థం వచ్చేలా ఉన్న, లెన్స్‌ని మళ్లీ తడిపే రీవెట్టింగ్ చుక్కలు, లేదా ప్రిజర్వేటివ్ లేని ఒక్కసారి వాడి పారేసే చిన్న గొట్టాల తడి చుక్కలు వేసుకోవచ్చు. మిగతావి వద్దు.

ఎందుకంటే చాలా చుక్కల మందుల్లో బెంజాల్కోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్ ఉంటుంది. మామూలు కంట్లో ఒక చుక్క వేస్తే కన్నీటితో కొన్ని నిమిషాల్లో కడుక్కుపోతుంది. సాఫ్ట్ లెన్స్ ఉంటే అది ఆ ప్రిజర్వేటివ్‌ని పీల్చుకుని, తర్వాత గంటల తరబడి కొంచెం కొంచెంగా కార్నియా మీదికి వదులుతుంది. నిమిషాల్లో పోవాల్సిన మందు పూటంతా నిలుస్తుంది, పైపొర కణాలు దెబ్బతింటాయి. సాయంత్రానికి కన్ను ఇంకా పొడిగా, ఇంకా ఎర్రగా అనిపిస్తే మళ్లీ అదే చుక్క వేస్తారు. ఆ తిప్పలు అలా తిరుగుతూనే ఉంటాయి.

డాక్టర్ రాసిన చుక్కలు తప్పనిసరైతే, లెన్స్ తీసి చుక్క వేసి, కనీసం పదిహేను నిమిషాలు ఆగి లెన్స్ పెట్టుకోండి. ఇన్ఫెక్షన్ కోసం రాసిన చుక్కలైతే ఆ వైద్యం అయ్యేదాకా లెన్స్ మాటే వద్దు.

లెన్స్ సొల్యూషన్ కంటికి మంచిదేగా, చుక్కల్లా కంట్లో వేసుకుంటే తప్పేంటి?

లెన్స్ పెట్టుకునేటప్పుడు దాన్ని అంటుకుని కంట్లోకి వెళ్లేది అతి కొద్ది సొల్యూషన్. అంతవరకు కన్ను సర్దుకుంటుంది. నేరుగా చుక్కలు చుక్కలుగా పోసుకుంటే క్రిమిసంహారకమూ, జిడ్డు వదిలించే సబ్బూ రెండూ కార్నియా మీద పడతాయి. ఒకసారి పొరపాటున పడితే కాసేపు మంట, అంతే. రోజూ తడి చుక్కల బదులు ఇదే వాడితే పైపొర మీద చుక్కచుక్కలుగా పొక్కినట్టు అవుతుంది, చూపు మసకబారుతుంది. సీసా ముక్కు రెప్పలకి తగిలి లోపలి సొల్యూషన్ పాడవడం ఇంకో నష్టం.

ఒకరు తెలివిగా వాదించారు: ‘అకాంతమీబాకి డాక్టర్లు పాలీహెక్సనైడ్ చుక్కలే వేస్తారు కదా, సొల్యూషన్‌లోనూ అదే ఉంది కదా’ అని. పేరు ఒకటే, మోతాదు కాదు. వైద్యానికి వాడేది 0.02 శాతం, అంటే సొల్యూషన్‌లో ఉన్నదానికి రెండు వందల రెట్లు. సొల్యూషన్ పోసుకుంటే రోగం తగ్గదు, మంట మిగులుతుంది.

నాకు కార్నియా శంకువులా ముందుకు సాగే కెరటోకోనస్‌కి స్క్లెరల్ లెన్స్ ఇచ్చారు. వాళ్లేమో సెలైన్ నింపి పెట్టుకోమన్నారు. ఇక్కడ సెలైన్ మంచిది కాదంటున్నారేంటి?

వాళ్లు చెప్పిందే సరైనది. స్క్లెరల్ లెన్స్ చిన్న గిన్నెలా ఉంటుంది, కార్నియాని తాకకుండా తెల్లగుడ్డు మీద కూర్చుంటుంది. ఆ గిన్నెలో నింపిన ద్రవం రోజంతా కార్నియాకి ఆనుకునే ఉంటుంది, బయటికి పోదు. అందుకే అందులో మందూ, ప్రిజర్వేటివూ ఏదీ లేని సెలైనే పోయాలి. మల్టీపర్పస్ సొల్యూషన్‌తో నింపితే ఆ క్రిమిసంహారకం పది పన్నెండు గంటలు కార్నియాని తాకుతూనే ఉంటుంది.

అయితే పొద్దున్న నింపేది వేరు, రాత్రి నానబెట్టేది వేరు. రాత్రికి మళ్లీ డాక్టర్ చెప్పిన క్రిమిసంహారక సొల్యూషనే. నింపే సెలైన్‌ని ఒక్కసారి వాడే చిన్న సీసాల్లో తీసుకుంటే, తెరిచినది నిల్వ ఉంచాల్సిన పని ఉండదు. ఈ లెన్సులవాళ్ల ఇంట్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి మార్కర్‌తో ఒకదాని మీద ‘పొద్దున్న’, రెండోదాని మీద ‘రాత్రి’ అని తెలుగులో పెద్దగా రాసి పెట్టుకోండి.

## పొరపాటు జరిగిపోయాక

పెరాక్సైడ్‌లో ఉన్న లెన్స్ అలాగే పెట్టేసుకున్నాను, కన్ను తెరవలేకపోతున్నాను. ఇప్పుడేం చేయాలి?

చదవడం ఆపి ముందు కడగండి. ఇంట్లో ఇంకొకరు ఉంటే పిలవండి, ఎందుకంటే రెప్పలు బిగుసుకుపోయి మీ అంతట మీరు తెరవడం కష్టం. తల పక్కకి వంచి, మండుతున్న కన్ను కిందివైపు ఉండేలా పెట్టి, ముక్కు వైపు నుంచి బయటికి శుభ్రమైన నీళ్లు ధారగా పోయాలి. తెరవని సెలైన్ బాటిల్ చేతికి అందితే దానికి ఇదే సరైన సమయం. లేకపోతే తాగే నీళ్లైనా, కుళాయి నీళ్లైనా సరే, వెతుకుతూ నిమిషాలు పోగొట్టొద్దు. ఇతరత్రా కుళాయి నీళ్లు లెన్స్ దగ్గరికి రానివ్వకూడదు గానీ, రసాయనం పడినప్పుడు ముందు రసాయనం పోవాలి.

కడుగుతుండగానే లెన్స్ తీసేయండి, అదే పెరాక్సైడ్‌ని పట్టుకుని ఉంటుంది. తీశాక కూడా పదిహేను నిమిషాలు కడగండి. తర్వాత మంట తగ్గినా అదేరోజు కంటి డాక్టర్‌కి చూపించండి. పైపొర దెబ్బతింటే చాలావరకు కొద్ది రోజుల్లో మానుతుంది, కానీ ఎంత లోతుగా తగిలిందో పరీక్షలోనే తెలుస్తుంది. వెళ్లేటప్పుడు సీసా వెంట తీసుకెళ్లండి, కనీసం లేబుల్ ఫొటో అయినా. కన్ను నలపొద్దు, కట్టు కట్టొద్దు, తల్లిపాలు, రోజ్‌వాటర్ లాంటివి వేయొద్దు.

ఎరుపు తగ్గడానికి మెడికల్ షాపులో చుక్కలు ఇచ్చారు. వేసుకుని లెన్స్ పెట్టుకోవచ్చా?

లెన్స్ వాడేవాళ్ల ఎర్రకన్నుకి డాక్టర్ చూడకుండా చుక్కలు వేయడం మేం ఒప్పుకోం. షాపులో తరచుగా ఇచ్చేవి రెండు రకాలు. ఒకటి నాఫజోలిన్ లాంటివి, ఇవి రక్తనాళాలని బిగదీసి తెలుపు చూపిస్తాయి. కారణం లోపల అలాగే ఉంటుంది, మందు దిగాక ఎరుపు ఇంకా ఎక్కువగా వస్తుంది. రెండోది యాంటీబయాటిక్‌తో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిపిన చుక్కలు. వేసుకున్న పూటకే ఎంతో హాయి. కానీ స్టెరాయిడ్ ఒంటి రక్షణని అణచేస్తుంది, ఇన్ఫెక్షన్ ఫంగస్‌దో అకాంతమీబాదో అయితే దానికి అడ్డు ఉండదు. మన ప్రాంతంలో ఫంగస్ కార్నియా ఇన్ఫెక్షన్లు ఎక్కువే. ఎరుపు తగ్గింది, చూపు తగ్గుతోంది అని వచ్చేవాళ్లు ఈ దారిలో వచ్చినవాళ్లే.

లెన్స్ తీసి, కళ్లజోడు పెట్టుకుని, పరీక్ష చేయించుకోండి. ఆ చుక్కల సీసా కూడా పట్టుకెళ్లండి, ఎన్నిసార్లు వేశారో దాచకుండా చెప్పండి. దాన్ని బట్టే డాక్టర్ మీ కంటి పరిస్థితిని అర్థం చేసుకునే తీరు మారుతుంది.

ఎలాంటప్పుడు రేపటిదాకా ఆగకుండా వెళ్లాలి?

లెన్స్ తీసినా నొప్పి తగ్గకపోతే, వెలుతురు చూడలేకపోతే, చూపు మసకబారి రెప్ప కొట్టినా తేటపడకపోతే, పుసులు కారుతుంటే ఆ రోజే వెళ్లండి. అద్దంలో నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ కనిపిస్తే రాత్రయినా అత్యవసరం కిందే లెక్క. కార్నియా చూసే డాక్టర్ ఉన్న ఆసుపత్రి అయితే మంచిది. హైదరాబాద్‌లో ఎల్‌వీ ప్రసాద్, మెహదీపట్నం సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి లాంటివి ఉన్నాయి.

లెన్సులనీ, అవి నానిన డబ్బీనీ ద్రవంతో సహా మూతపెట్టి కవర్లో వేసుకెళ్లండి. కడిగి తేవొద్దు. కార్నియా నుంచి తీసిన నమూనాలో క్రిమి దొరకనప్పుడు డబ్బీలో దొరికి, ఏ మందు వేయాలో తెలిసే సందర్భాలుంటాయి.

కన్ను బాగైంది. పాత లెన్సులు, డబ్బీ, సొల్యూషన్ మళ్లీ వాడొచ్చా?

మూడూ పారేయండి. ఇన్ఫెక్షన్ అయితే వాటిలోనే ఇంకా ఉండొచ్చు. పెరాక్సైడ్ పొరపాటు అయితే లెన్స్ కొత్తది, డబ్బీ ఏ సొల్యూషన్ వాడతారో దానికి తగ్గది. తెరిచిన సొల్యూషన్ సీసా మీద తెరిచిన తేదీ రాయండి. చాలావాటికి తెరిచాక రెండు మూడు నెలలే గడువు, ఎక్స్‌పైరీ సంవత్సరం తర్వాత ఉన్నా సరే. డబ్బీని మూడు నెలలకి మించి వాడొద్దు, రోజూ సొల్యూషన్‌తో కడిగి, బోర్లించి ఆరబెట్టండి.

మళ్లీ ఎప్పుడు పెట్టుకోవాలన్నది నొప్పి పోయిన రోజును బట్టి కాదు. కార్నియా పైపొర పూర్తిగా కట్టుకుందని డాక్టర్ రంగు చుక్క వేసి నీలం లైటులో చూసి చెప్పాలి. మొదటి రోజుల్లో కొద్ది గంటలే పెట్టుకోమంటారు, పెళ్లి ఉందనో ఫంక్షన్ ఉందనో దాన్ని రెట్టింపు చేయకండి.